దేనికి రివర్ట్ అవ్వాలి నాయనా?

పొద్దున్నే మెయిల్ తెరిచాను. సబ్జెక్టు గడి ఖాళీ. లోపల నాలుగే ముక్కలు: "డియర్ సర్, కైండ్లీ రివర్ట్." పేరు లేదు, ఊరు లేదు, ఫోన్ నంబరు లేదు. దేనికి రివర్ట్ అవ్వాలి? అసలా మాటకి పాత స్థితికి తిరిగి పోవడమనే కదా అర్థం! నన్ను మళ్లీ కుర్ర ఇంజనీరుగా మారిపోమంటాడా?

మాది కాలవల శాఖ. దాళ్వా చివర, వంతులవారీ నీళ్లు నడుస్తున్నాయి. ధవళేశ్వరం నుంచి వదిలిన నీళ్లు అందక శివారు రైతు రాశాడో, బిల్లు కోసం కాంట్రాక్టరు రాశాడో! అంజనం వేసి చూడనా?

నిరుడు ఇలాంటిదాన్నే "చూడండి" అని డీఈకి తోసేశాను. ఆయన ఏఈకి, ఏఈ లస్కరుకి. నాలుగు రోజులు తిరిగినా ఎవరికీ ఏమీ తెలియలేదు. ఇప్పుడు తొయ్యను. అలాగని చెరిపెయ్యను కూడా, నిజంగా శివారు రైతే అయితే పాపం చేను ఎండిపోదూ? నేనే జవాబు కొట్టాను:

"అయ్యా, మీ మెయిల్‌లో విషయం లేదు. మీ పేరు, ఊరు, ఏ కాలవ, ఏ తూము, ఇబ్బంది ఎప్పటి నుంచి, ఇంతకుముందు అర్జీ పెట్టి ఉంటే దాని నంబరు రాయండి. నీళ్ల సంగతైతే ఈలోగా మీ సెక్షన్ ఏఈకి ఫోన్ చేయండి."

చూస్తాను, చేస్తాను అని మాత్రం రాయలేదు. ఏం చేయాలో తెలియకుండా మాటిస్తే రేపు అదే కాగితం పట్టుకుని వస్తారు.

సాయంత్రానికి జవాబొచ్చింది. "డియర్ సర్, నోటెడ్. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్."