లాభం మూడో వంతు పెరిగితే పన్ను నాలుగింతలా? ఆదోని మిల్లు లెక్క

కొత్తగా పత్తి జిన్నింగ్ మిల్లు పెట్టేవాళ్లు బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టులో ఆదాయపు పన్నుకు చాలాసార్లు ఒకే వరుస ఉంటుంది. లాభం వస్తే అందులో పావు వంతు, నష్టం వస్తే సున్నా. ఎక్సెల్‌లో చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ పాత నష్టం ఎక్కడికి పోయిందో, పన్ను ఏ నెలలో కట్టాలో ఆ వరుస చెప్పదు.

ఆదోనిలో ఒక ప్రైవేట్ లిమిటెడ్ మిల్లు అనుకుందాం. అంకెలు ఊహించినవే. 22 శాతం రేటు ఎంచుకున్న కంపెనీ కాబట్టి సర్‌చార్జీ, సెస్సు కలిపి పన్ను 25.168 శాతం. మొదటి ఏడు 50 లక్షల నష్టం. అందులో 20 లక్షలు వ్యాపారంలో పోయినవి, 30 లక్షలు యంత్రాల తరుగుదల. ఆ తర్వాత తరుగుదల పోగా రెండో ఏడు 10, మూడో ఏడు 60, నాలుగో ఏడు 80 లక్షల లాభం.

ఆ 50 లక్షలను ఒకే మూటగా చూపించడం మొదటి పొరపాటు. వ్యాపార నష్టాన్ని ఎనిమిదేళ్ల వరకే వాడుకోవచ్చు, అదీ నష్టం వచ్చిన ఏడాది రిటర్ను గడువులోగా వేస్తేనే. మిగిలిపోయిన తరుగుదలకు ఈ ఎనిమిదేళ్ల గడువు లేదు, రిటర్ను ఆలస్యమైనా అది పోదు. సర్దుబాటులో ముందు వ్యాపార నష్టం, తర్వాత తరుగుదల. కాబట్టి రెండూ వేర్వేరు వరుసల్లో ఉండాలి. ఒక్కో వరుసకు లెక్క ఇంతే:

```
used    = MIN(opening, MAX(0, profit))
closing = opening - used + new_loss
```

తరుగుదల వరుసలో మాత్రం profit అంటే వ్యాపార నష్టం తీసేశాక మిగిలినది.

రెండో ఏడు 10 లక్షల లాభాన్ని వ్యాపార నష్టం మింగేస్తుంది, పన్ను సున్నా. మూడో ఏడు 60 లక్షల్లోంచి మిగిలిన 10 లక్షల నష్టం, 30 లక్షల తరుగుదల పోతే 20 లక్షలు మిగులుతాయి. పన్ను 5.03 లక్షలు. నాలుగో ఏడు తీసేయడానికి ఏమీ లేదు. 80 లక్షల మీద పన్ను 20.13 లక్షలు. లాభం 60 నుంచి 80కి పెరిగింది, పన్ను మాత్రం నాలుగింతలైంది. మూడో ఏడు పన్ను చూసి 'మనకు ఇంతే పడుతుంది' అనుకున్న యజమానికి నాలుగో ఏడు టెన్షన్ తప్పదు.

మొదటి ఏడు రిటర్ను ఆలస్యమైందనుకోండి. ఇలాంటి కంపెనీకి గడువు సాధారణంగా అక్టోబర్ 31, సరిగ్గా యార్డుకు కొత్త పత్తి వచ్చే రోజులు. అప్పుడు 20 లక్షల వ్యాపార నష్టం చేజారిపోతుంది, 30 లక్షల తరుగుదలే మిగులుతుంది. అందులో 10 లక్షలు రెండో ఏడు లాభానికే పోతాయి, మూడో ఏటికి మిగిలేది 20 లక్షలు. మూడో ఏడు పన్ను 5.03 నుంచి 10.07 లక్షలకు చేరుతుంది. వాటాదారులు మారితే కూడా ఇలాంటి దెబ్బే తగలొచ్చు. 51 శాతం ఓటింగ్ హక్కు పాతవాళ్ల చేతిలో లేకపోతే ఇలాంటి కంపెనీ పాత వ్యాపార నష్టాన్ని సాధారణంగా వాడుకోలేదు. కొత్త పార్ట్‌నర్‌ను తెచ్చుకునే ముందు ఆడిటర్‌ను అడగాల్సిన మాట ఇది.

ఇక నెలల సంగతి. చాలా రిపోర్టుల్లో ఈ ఏటి పన్నును వచ్చే ఏడు కట్టినట్టు చూపిస్తారు. అది కుదరదు. ఏడాది పన్ను 10,000 రూపాయలు లేదా అంతకన్నా ఎక్కువైతే ఆ ఏడాదిలోనే అడ్వాన్స్ టాక్స్ కట్టాలి. జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి మొత్తం 45, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి నూరు శాతం. నాలుగో ఏడు సెప్టెంబర్ 15 నాటికి మన మిల్లు 9.06 లక్షలు కట్టి ఉండాలి. అప్పటికి కొత్త సీజన్ ఇంకా జోరందుకోదు, గోడౌన్ ఖాళీ, పత్తి కొనడానికి బ్యాంకు అప్పుగా ఇచ్చే సీసీ లిమిట్ దాచుకోవాల్సిన సమయం. సీజన్ ఎలా ఉంటుందో తెలియకుండానే ఏడాది లాభం అంచనా వేసి కట్టాలి. ఈ వాయిదాలు ఏడాది పొడవునా సమంగా అమ్మకాలుండే వ్యాపారానికి సరిపోతాయి గానీ, పత్తి మిల్లుకు కాదు.

జూన్, సెప్టెంబర్ వాయిదాలు వదిలేసి డిసెంబర్‌లో 75 శాతం కట్టేస్తే? ఒక్కో వాయిదా లోటు మీద నెలకు 1 శాతం చొప్పున మూడు నెలల వడ్డీ. జూన్‌ది సుమారు 9,000, సెప్టెంబర్‌ది 27,000, కలిపి 36,000 రూపాయలు. ఈ వడ్డీని ఖర్చు కింద చూపించుకోవడానికీ వీల్లేదు. అయినా చేతిలో డబ్బు లేని నెలలో ఇది భరించదగ్గ ధరే అని నా అభిప్రాయం. కానీ తెలిసి చేయాలి, రిపోర్టులో దానికో గడి ఉండాలి. మార్చి 31కి 90 శాతం కూడా కట్టకపోతే ఏప్రిల్ నుంచి ఇంకో వడ్డీ మొదలవుతుంది, అక్కడిదాకా పోనివ్వకూడదు.

బ్యాంకు మేనేజర్ చూసేది వాయిదాలు తీర్చే శక్తిని. పాత నష్టాన్ని మరిచి పన్ను ఎక్కువ వేస్తే మూడో ఏడు మిల్లు నిజం కన్నా బలహీనంగా కనిపిస్తుంది. పన్నును ఏడాది వెనక్కి తోస్తే నాలుగో ఏడు నిజం కన్నా బలంగా కనిపిస్తుంది. రెండు వరుసల నష్టం, మూడు నెలలకోసారి పన్ను చూపించిన రిపోర్టు చేతిలో ఉంటే టర్మ్ లోన్ వాయిదాలను సెప్టెంబర్ నుంచి తప్పించి, దూది అమ్మిన డబ్బు చేతికొచ్చే జనవరి నుంచి ఏప్రిల్ దాకా పెట్టమని అడగవచ్చు. లోన్ మంజూరయ్యాక షెడ్యూలు మార్పించుకోవడం కన్నా ముందే అడగడం తేలిక.