ఇంగ్లీష్‌లో ఒకటే ‘వాజ్’, వియత్నామీస్‌లో మాత్రం మంచా చెడా తేల్చాల్సిందే

హనోయ్‌లో ఎర్రనది మీద లాంగ్ బియెన్ అని ఒక పాత ఇనప బ్రిడ్జి ఉంది, ఫ్రెంచ్ వాళ్ళు 1899లో మొదలెట్టి 1902కి పూర్తి చేశారు, అప్పట్లో గవర్నర్ జనరల్ పాల్ డూమెర్ పేరు పెట్టారు, తర్వాత యుద్ధంలో అమెరికా విమానాలు దాని మీద చాలాసార్లు బాంబులేశాయి, ప్రతిసారీ మళ్ళీ బాగుచేసుకున్నారు. ఇదే కథని ఇంగ్లీష్‌లో చెప్తే కట్టడానికి, పేరు పెట్టడానికి, బాంబులేయడానికి, బాగుచేయడానికి నాలుగింటికీ ‘వాజ్’ అనే ఒకే పాసివ్ సరిపోతుంది. ఆ నాలుగు వాక్యాల్నీ వియత్నామీస్‌లోకి మార్చాలంటే మాత్రం నాలుగు చోట్లా ఆగి ఆలోచించాలి, ఎందుకంటే అక్కడ పాసివ్ అనుకునే పదాలు రెండు ఉన్నాయి, ఒకటి చెడుకి, ఒకటి మంచికి.

చెడుకి వాడేది ‘బి’. మంచికి వాడేది ‘డువక్’. కుక్క కరిస్తే ‘బి చో కాన్’, అంటే కుక్క కాటుకి గురయ్యాడని. మాస్టారు మెచ్చుకుంటే ‘డువక్ థై ఖెన్’, అంటే మాస్టారి మెప్పు దక్కిందని. ఇంకోటి గమనించండి, కరిచిన కుక్కా మెచ్చుకున్న మాస్టారూ ఇద్దరూ ఆ పదానికీ క్రియకీ మధ్యలోనే కూర్చున్నారు. ఇంగ్లీష్ ‘బై’ని తెచ్చి ‘బొయ్’ అనే మాటతో చివర్లో తగిలించే పద్ధతి కూడా ఇప్పుడు బాగానే కనిపిస్తుంది కానీ మామూలు మాటల్లో అది అతికించినట్టే ఉంటుంది.

అసలు ఈ రెండూ వట్టి గ్రామర్ ముక్కలు కావు, సొంత అర్థం ఉన్న మాటలు. జ్వరమొచ్చినా ‘బి’ అంటారు, యాక్సిడెంట్ అయినా, పర్సు పోయినా ‘బి’ అంటారు, అక్కడ ఎవరూ ఎవర్నీ ఏం చెయ్యకపోయినా సరే. సెలవు దొరికితే ‘డువక్’, ప్రైజొస్తే కూడా ‘డువక్’. అందుకే వియత్నామీస్‌లో నిజంగా పాసివ్ అనేది ఉందా లేదా అని భాషా శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటారు. మనకిది అర్థం కావడం పెద్ద కష్టం కాదు, మనం కూడా చీవాట్లు తిన్నాడు అంటాం, మెప్పు పొందాడు అంటాం, చీవాట్లు పొందాడు అనం కదా, అయితే మనకి ఏదో కొన్ని మాటల్లో ఉన్న ఈ తేడా వాళ్ళకి ప్రతి పాసివ్ వాక్యం దగ్గరా ఎదురొస్తుంది.

మంచా చెడా అన్నది ఎవరి వైపు నుంచి అనేదే ఇక్కడ అసలు చిక్కు. దొంగని పోలీసులు పట్టుకుంటే ఊరంతా సంతోషిస్తుంది, అయినా వాక్యంలో ‘బి’ యే రావాలి, ఎందుకంటే వాక్యం దొంగ గురించి, పట్టుబడటం వాడికి చెడు. ఒకాయన్ని హనోయ్‌కి ట్రాన్స్‌ఫర్ చేశారని ఇంగ్లీష్‌లో ఉందనుకోండి, ఆయన కోరుకున్నదైతే ‘డువక్’, ఇష్టం లేకుండా పంపేస్తే ‘బి’, ఆ సంగతి ఇంగ్లీష్ వాక్యంలో ఉండదు, ముందు పేరాల్లోకి వెళ్ళి వెతుక్కోవాలి. మనసు లేని వస్తువులకైతే మాట్లాడేవాళ్ళ మనసే లెక్క, తలుపు తాళం వేసుంది అనేదానికి లోపలికి వెళ్ళలేక బయట నిలబడ్డవాళ్ళు ‘బి’ అంటారు, ఇల్లు భద్రంగా ఉందని చెప్పేవాళ్ళు ‘డువక్’ అంటారు.

ఇప్పుడు బ్రిడ్జి దగ్గరకి వద్దాం. బాంబులేయడానికి ‘బి’, దీంట్లో అనుమానం లేదు. బాగుచేయడానికి ‘డువక్’, ఇదీ తేలికే. కట్టడం దగ్గర మాత్రం చాలామంది కళ్ళు మూసుకుని ‘డువక్’ పెట్టేస్తారు, తప్పని అనను, పేపర్లలో పాఠ్యపుస్తకాల్లో ‘డువక్’ మంచితనం కొంచెం అరిగిపోయి మామూలు పాసివ్‌లా కూడా వాడుతున్నారు, ఫలానా ఏడాదిలో కట్టారు అనే వాక్యానికి అది చక్కగా నప్పుతుంది. (సైన్స్ పుస్తకాల్లో ‘బి’ కూడా కొన్నిచోట్ల అలాగే, ఇనుముని వేడి చేసినప్పుడు అనేదానికి ‘బి’ వాడితే ఇనుముకి కష్టమొచ్చిందని కాదు.) కానీ ఇక్కడ వాక్యం చెప్పేది ఎవరు కట్టారని, దానికి ‘జో’ అనే మాట ఉంది, లాంగ్ బియెన్ జో ఫ్రెంచ్‌వాళ్ళు కట్టు అన్నట్టు వస్తుంది, మంచీ లేదు చెడూ లేదు, కట్టిందెవరో తెలుస్తుంది అంతే. పేరు దగ్గర అసలు పాసివే అక్కర్లేదు, ‘మాంగ్ తేన్’ అంటే పేరు మోస్తోంది అని, పాల్ డూమెర్ పేరు మోసింది అంటే చాలు. అంటే ఇంగ్లీష్‌లో నాలుగు ‘వాజ్’లు ఇక్కడ నాలుగు రకాలుగా విడిపోయాయి, ‘డువక్’ వచ్చింది ఒక్కచోటే.

నా బాధ ఏంటంటే ట్రాన్స్‌లేషన్‌లో ఈ నాలుగు దారులూ మూసేసి అన్నిటికీ ‘డువక్’ కొట్టేస్తున్నారు. నేను యాప్‌ల లోకలైజేషన్‌లో తెలుగు చూస్తా, నా పక్క సీట్‌లో వియత్నామీస్ చూసే ఆవిడ ఒకరోజు ఒక స్ట్రింగ్ చూపించింది, పాస్‌వర్డ్ మారింది అనే మెసేజ్, ఇంగ్లీష్‌లో ఒకటే లైను, వియత్నామీస్‌లో రెండు రకాలు.

```
Mật khẩu của bạn đã được thay đổi.
Mật khẩu của bạn đã bị thay đổi.
```

మొదటిది ‘డువక్’, మీరే మార్చుకున్నారు, పని అయింది. రెండోది ‘బి’, ఎవరో మీకు తెలీకుండా మార్చేశారు, వెంటనే చూసుకోండి. ఆ యాప్‌లో సెట్టింగ్స్‌లో సక్సెస్ మెసేజ్‌కీ సెక్యూరిటీ అలర్ట్ మెయిల్‌కీ ఒకే కీ వాడారు, అంటే రెండుచోట్లా ఒకే స్ట్రింగ్ వస్తుంది, ఇంగ్లీష్‌కి అది సరిపోయింది, వియత్నామీస్‌లో ఏది పెట్టినా ఒకచోట తప్పే, అలర్ట్‌లో ‘డువక్’ పెడితే అకౌంట్ పోయినవాళ్ళకి శుభవార్త చెప్పినట్టుంటుంది. ఆవిడ కీని రెండుగా విడగొట్టమని టికెట్ పెట్టింది, అలర్ట్‌కి ‘బి’ ఉంచి, సక్సెస్ మెసేజ్‌కి అసలు రెండూ తీసేసి ఇలా రాసింది.

```
Đã đổi mật khẩu.
```

పాస్‌వర్డ్ మార్చడం అయింది, అంతే, కర్త లేడు పాసివ్ లేదు. అది చూశాక నేను నా ఫైల్ తెరిచి ‘మార్చబడింది’ అన్నచోటల్లా ‘మార్చాం’, ‘మారింది’ అని దిద్దుకున్నా, మనం ఇంట్లో ఎవరం ‘బడింది’ అనం కదా.

‘కాదు’ చేరినప్పుడు ఇంకో గొయ్యి ఉంది. ‘ఖోంగ్’ అంటే కాదు, ‘ఖోంగ్ డువక్’ అంటే వాళ్ళకి ముందుగా తట్టేది ‘కూడదు’ అని, పొగ తాగకూడదు అని చెప్పాలన్నా ఆ మాటలే వాడతారు. ఒక షాపింగ్ పేజీలో ఈ మూత విడిగా అమ్మబడదు అనే ఇంగ్లీష్ వాక్యాన్ని అలవాటుగా ‘ఖోంగ్ డువక్’ పెట్టి రాస్తే విడిగా అమ్మకూడదు అని చదువుకుంటారు, కస్టమర్‌కి చెప్పాల్సిన మాట షాపువాడికి చేసిన హెచ్చరిక అయిపోతుంది. అక్కడ ‘డువక్’ తీసేసి వట్టి ‘ఖోంగ్’ పెట్టి విడిగా అమ్మం అని రాయాలి. అదే మాట పన్నెండు సబ్బుల ప్యాక్ లోపలి కవర్ మీద పడాల్సిందైతే, విడదీసి అమ్మొద్దని కంపెనీ షాపుకి చెప్పేదే కాబట్టి, అక్కడ ‘ఖోంగ్ డువక్’ ఉంచాలి.