ఆ "ఆఫ్టర్" ఫొటో ఏ తారీఖుది?

గాయం మానిన చోట మచ్చ ముద్దలా పెరిగిపోతే దాన్ని కెలాయిడ్ అంటారు. ఇన్‌స్టాలో ఆ కెలాయిడ్ రీల్స్ చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నా. ఎడమ ఫొటోలో చెవి తమ్మెకి వేలాడుతున్న నల్లటి ముద్ద. కుడి ఫొటోలో అదే చెవి, నున్నగా. కింద "ఒక్క సిట్టింగ్‌లో శాశ్వత పరిష్కారం" అని రాసి ఫోన్ నంబర్. కామెంట్లలో "ఎంతవుతుందండీ?", "కూకట్‌పల్లిలో బ్రాంచి ఉందా?" అని జనం. ఆ రెండో ఫొటో ఎప్పుడు తీశారని మాత్రం ఒక్కరూ అడగరు.

హైదరాబాద్‌లోనే ఒక ఆసుపత్రి స్కిన్ డిపార్ట్‌మెంట్‌లో, ప్రొసీజర్ రూమ్ నర్సుగా పనిచేస్తున్నా. ఆ కుడి ఫొటో దిగినవాళ్లలో కొందరు తర్వాత మా రూమ్‌కే వస్తారు, ముందుకంటే పెద్ద ముద్దతో. అందుకే ఈ కోపం.

విషయం చాలా సింపుల్. గాయం మానడానికి చర్మం కొల్లాజెన్ అనే పీచు పదార్థం తయారుచేస్తుంది. గాయం పూడగానే ఆ పని ఆగిపోవాలి. కెలాయిడ్ వచ్చే ఒంటితత్వం ఉన్నవాళ్లలో అది ఆగదు. గాయం హద్దు దాటి, పక్కనున్న మంచి చర్మం మీదికి కూడా పాకుతుంది. దాన్ని కత్తితో కోసినా, లేజర్‌తో కోసినా చర్మానికి అది ఇంకో గాయమే. అదీ మొదట చెవి కుట్టడానికి సూదితో పెట్టిన చిన్న రంధ్రం కంటే పెద్ద గాయం. ఉత్తగా కోసి కుట్లు వేసి పంపేస్తే మళ్లీ వచ్చే అవకాశం 45 నుంచి 100 శాతం దాకా ఉంటుందని డాక్టర్లు చదివే పుస్తకాల్లోనే ఉంది. పైగా అది వారంలోనో పది రోజుల్లోనో రాదు, నెలలు తీసుకుంటుంది. కుట్లు విప్పిన రోజు ఫొటో తీస్తే ఏ చెవైనా నున్నగానే ఉంటుంది. ఏడాది తర్వాత, వీలైతే రెండేళ్ల తర్వాత తీసిన ఫొటో ఉంటేనే దాని గురించి మాట్లాడాలి.

ఒక అమ్మాయి సంగతి చెప్తా. పేరు, ఊరు అక్కర్లేదు. ఇంజినీరింగ్ చదువుతోంది. చిన్నప్పుడు కుట్టించిన చెవులకి ఏమీ కాలేదు. కజిన్ పెళ్లికని తమ్మెకి రెండో కుట్టు వేయించుకుంది. మూడు నాలుగు నెలలకి ఆ రంధ్రం దగ్గర చిన్న గింజలా గట్టిపడింది. దురద. ఇంట్లో "దుర్మాంసం పెరిగింది, అదే పోతది" అని పసుపూ కొబ్బరినూనే రాశారు. పోలేదు. కాలేజీకి జుట్టు చెవి మీదికి వేసుకుని వెళ్లడం మొదలైంది. చివరికి ఒక కాస్మెటిక్ క్లినిక్‌లో లేజర్‌తో తీయించారు. కుట్లు విప్పిన రోజు అక్కడివాళ్లు ఫొటో తీసుకుని పేజీలో పెట్టుకున్నారు కూడా. ఇంజెక్షన్ లేదు, తమ్మెని నొక్కిపట్టే క్లిప్ లేదు, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పలేదు. ఆరు నెలలు తిరిగేసరికి తమ్మె ముందు ఒక ముద్ద, వెనక ఇంకో ముద్ద, మధ్యలో రెండిటినీ కలుపుతూ ఒక గట్టి కాడ. తమ్మెల్లో కెలాయిడ్ తరచూ ఇలా డంబెల్ లాగే పెరుగుతుంది. ముందు నుంచి తీసిన ఫొటోలో సగమే కనిపిస్తుంది. రీల్స్‌లో చెవి వెనక భాగం ఎందుకు చూపించరో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

వాళ్లమ్మ వచ్చీ రాగానే "ఈసారి మీరే మంచిగ కోసెయ్యండి సిస్టర్, అయిపోతది" అంది. ఆమె చీర పక్కకి జరిగినప్పుడు ఛాతీ మధ్యలో మెరుస్తూ గట్టిగా ఉన్న మచ్చ కనిపించింది. అడిగితే "అది పెళ్లి కాకముందు మొటిమ గిల్లితే వచ్చింది, వదిలేసినం" అంది. అదీ కెలాయిడే. అమ్మకి ఉందంటే పిల్లకీ వచ్చే అవకాశం ఎక్కువ. కుట్టేముందు ఎవరైనా ఈ ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఇంట్లో ఈ తత్వం ఉన్నవాళ్లలో పదకొండేళ్లు దాటాక కుట్టించుకుంటే, అంతకు ముందు కుట్టించినదానికంటే కెలాయిడ్ ఎక్కువగా వస్తుంది. చంటిపిల్లగా ఉన్నప్పుడు ఏమీ కాలేదు కదా అన్న ధీమా పదహారేళ్లప్పుడు పనికిరాదు.

మా డాక్టర్ గారు ముందు కత్తి పట్టలేదు. ఇంజెక్షన్‌తో మొదలుపెట్టారు. ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్, కెనాకార్ట్ అంటే మెడికల్ షాపుల్లో అందరికీ తెలుసు. నాలుగైదు వారాలకోసారి, నేరుగా ముద్ద లోపలికి. ఇది చూడ్డానికి తేలికే గానీ చేసేవాళ్లకి తెలుస్తుంది దాని సంగతి. మొదటిసారి ముద్ద ఎంత గట్టిగా ఉంటుందంటే, మామూలు సిరంజి అయితే ఒత్తిడికి సూది ఊడి వచ్చేస్తుంది. అందుకే మర తిప్పి బిగించే సిరంజి వాడతాం. మందు సరిగ్గా ముద్దలోకే వెళ్తుంటే అది కాసేపు తెల్లగా పాలిపోతుంది. మందు ఏ అడ్డూ లేకుండా జర్రున దిగిపోతోందంటే అనుమానించాలి. ముద్ద దాటి కింది కొవ్వులోకి పోతోందన్నమాట, లేదా పాత కుట్టు దారిలోంచి చెవి అవతలివైపు కారిపోతోంది. కొవ్వులోకి పోతే అక్కడ గుంటపడుతుంది. నొప్పి ఉంటుంది, ఉండదని ఎవరైనా చెబితే అబద్ధం. మత్తుమందు కలిపినా, ముందు ఐస్ పెట్టినా కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి.

ఆ అమ్మాయికి మొదట తగ్గింది దురద. సైజు తగ్గడం తర్వాత సంగతి. ముద్ద మెత్తబడింది, పైన బిగుతు పోయింది. చిన్న కెలాయిడ్లు చాలామందికి ఇంజెక్షన్లతోనే చదునవుతాయి. ఒక్క మందుకి లొంగకపోతే 5-ఎఫ్‌యూ అనే ఇంకో మందు కలిపి ఇస్తారు, గర్భంతో ఉన్నవాళ్లకి మాత్రం అది ఇవ్వరు. అటూ ఇటూ కాడతో పెరిగిన ముద్ద ఇంజెక్షన్లతోనే మాయం కాదు కాబట్టి ఈ అమ్మాయికి ఆపరేషన్ తప్పలేదు. ప్లాస్టిక్ సర్జన్ పై చర్మాన్ని పొరలా లేపి, లోపలి గట్టి కండనీ కాడనీ తీసేసి, అదే చర్మాన్ని మళ్లీ కప్పి కుట్టారు. కుట్లు లాగుతున్నట్టు బిగుతుగా ఉండకూడదు. బిగుతే మళ్లీ కెలాయిడ్‌కి పిలుపు. ఆపరేషన్ టేబుల్ మీదే అంచుల్లో స్టెరాయిడ్ ఇచ్చారు. స్టెరాయిడ్ వల్ల గాయం కాస్త ఆలస్యంగా అతుకుతుంది కాబట్టి కుట్లు తొందరపడి విప్పలేదు.

అసలు వైద్యం ఇక్కడే మొదలవుతుంది, ఫొటోగ్రాఫర్ ఇంటికి వెళ్లిపోయేదీ ఇక్కడే. నెల నెలా వచ్చి, ముద్ద ఉన్నా లేకపోయినా వేలితో నొక్కి చూపించుకుని, గట్టిగా తగిలిన చోట ఇంజెక్షన్ చేయించుకోవాలి. గాయం మానాక ప్రెజర్ క్లిప్ పెట్టుకోవాలి. చూడ్డానికి కుట్టు లేని కమ్మలాగే ఉంటుంది, తమ్మెని రెండువైపులా నొక్కిపడుతుంది. రోజుకి కనీసం పన్నెండు గంటలు, ఆరు నెలలకి తగ్గకుండా. చెవి నల్లబడినా, తిమ్మిరెక్కినా అది మరీ బిగుతుగా ఉందని. స్కూటీ మీద హెల్మెట్ పెట్టుకుంటే క్లిప్ గుచ్చుకుని ఆ అమ్మాయి తీసి బ్యాగులో వేసేది, కాలేజీకి చేరాక మళ్లీ పెట్టుకోవడం మర్చిపోయేది. చివరికి రాత్రుళ్లు పెట్టుకునే అలవాటు చేసుకుంది. సిలికాన్ షీట్ అంటించొచ్చుగా అని అడుగుతారు. ఛాతీ మీదో భుజం మీదో అయితే సరే, గుండ్రటి తమ్మె మీద అది నిలవదు. మే నెల చెమటకి అసలే నిలవదు.

కెలాయిడ్ మళ్లీ మళ్లీ వచ్చే పెద్దవాళ్లకి, ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లోపే కొద్ది మోతాదు రేడియేషన్ మొదలుపెడతారు. మళ్లీ రావడం దాంతో బాగా తగ్గుతుంది. కానీ సర్జన్ ఒక ఆసుపత్రిలో, రేడియేషన్ మెషీన్ ఊరికి ఆ చివర ఇంకో ఆసుపత్రిలో ఉంటాయి. ముందు మెషీన్ దగ్గర తేదీ ఖాయం చేసుకుని తర్వాత ఆపరేషన్ తేదీ పెట్టుకోవాలి. కోయించుకున్నాక తీరిగ్గా అపాయింట్‌మెంట్ వెతుక్కుంటే ఆ గడువు దాటిపోతుంది. రేడియేషన్ అనగానే "క్యాన్సరా?" అని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. కెలాయిడ్ క్యాన్సర్ కాదు. అయితే చిన్నపిల్లలకి, గర్భిణులకి ఈ దారి వద్దంటారు.

నాకు వాట్సాప్‌లో ఫొటోలు పంపి "అక్కా, ఇది కెలాయిడేనా?" అని అడిగేవాళ్లకి ఒక మాట. కుట్టిన వారాల్లోనే ఎర్రగా, తడిగా, ముట్టుకుంటే రక్తం వచ్చేలా బుడిపె వస్తే అది చాలావరకు కెలాయిడ్ కాదు. కమ్మ బిగుతో, రాపిడో, ఇన్‌ఫెక్షనో అయ్యుంటుంది. పై చెవి మెత్తటి ఎముక దగ్గర వాచి వేడిగా నొప్పి పెడితే మాత్రం ఫొటోలు పంపుతూ కూర్చోకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, చెవి ఆకారం పాడవుతుంది. సిజేరియన్ గీత లావుగా, ఎర్రగా ఉబ్బి, ఆ గీత మీదే ఉండిపోతే అది ఉబ్బు మచ్చ. ఏడాది, ఏడాదిన్నరలో చాలావరకు తనంతట తనే చల్లబడుతుంది. గీత దాటి పక్కకి కాళ్లు చాస్తే అప్పుడు కెలాయిడ్ అనుకోవాలి. ఒక్క ఫొటోలో ఇది తేలదు. నెలకోసారి ఒకే వెలుతురులో, ఒకే వైపు నుంచి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీయండి. ఫ్లాష్ వద్దు, ఎదురుగా ఫ్లాష్ కొడితే ఎత్తు కనిపించదు, పక్క నుంచి కిటికీ వెలుగు పడాలి. చెవి వెనక కూడా తీయండి.

ఆ అమ్మాయికి ఆపరేషన్ అయ్యి ఏడాదిన్నర దాటింది. తమ్మె రెండో చెవి కంటే కొంచెం పొట్టి. ఇంజెక్షన్ల వల్ల ఒకచోట చర్మం తెల్లబడింది, ఆ రంగు తిరిగి రావడానికి టైమ్ పడుతుంది, పూర్తిగా రాకపోవచ్చు కూడా. మధ్యలో ఒకసారి మళ్లీ దురద మొదలైతే ఆగకుండా వచ్చి ఇంజెక్షన్ చేయించుకుంది, అక్కడితో అణిగింది. ఈ ఫొటో రీల్‌లో పెడితే ఎవరూ లైక్ కొట్టరు.

మొన్న చెకప్‌కి వచ్చినప్పుడు వాళ్ల చెల్లెలు కూడా వెంట వచ్చింది. పదిహేనేళ్లు. పై చెవికి కుట్టించుకుంటానంటోందట. డాక్టర్ గారు అమ్మ ఛాతీ వైపూ అక్క చెవి వైపూ చూపించి వద్దన్నారు. కావాలంటే నొక్కి పెట్టుకునే కమ్మలు పెట్టుకోమన్నారు. ఆ పిల్ల మా గదిలోంచి మూతి ముడుచుకునే వెళ్లింది.