ట్రెండింగ్ పాట తెచ్చేది వ్యూసే, గిరాకీ కాదు

పాట పేరు పక్కన పైకి చూసే బాణం గుర్తు కనిపిస్తే చాలు, ఇన్‌స్టాగ్రామ్‌లో చిన్న వ్యాపారం నడిపేవాళ్ల చెయ్యి ఆగదు. వీడియో దేని గురించైనా సరే, ఆ పాట తగిలించేస్తారు. కింద ఆ వారం నడుస్తున్న ఛాలెంజ్ ట్యాగ్ కూడా పెట్టేస్తారు. బెంగళూరులో మారతహళ్లి నుంచి కె.ఆర్.పురం దాకా మన తెలుగువాళ్ల బొటిక్‌లు, ఇంట్లో పచ్చళ్లు పట్టి అమ్మేవాళ్లు, పెళ్లి మేకప్ చేసేవాళ్లు, ఎవరి పేజీ తెరిచినా అదే పాట. వీడియోకీ పాటకీ పొంతన లేనప్పుడు ఆ పాట వాడటం వల్ల లాభం లేకపోవడమే కాదు, చేతిలో ఉన్న మంచి వీడియో కూడా పాడవుతుందన్నది నా వాదన.

మగ్గం వర్క్ చేసే ఒక బొటిక్‌ను ఊహించుకోండి. యజమానురాలి దగ్గర రెండు వీడియోలు ఉన్నాయి. మొదటి దాంట్లో చెక్క ఫ్రేముకు బిగించిన పట్టు ముక్క మీద సూది నడుస్తుంటుంది, మరుక్షణం పెళ్లికూతురి ఒంటి మీద పూర్తయిన జాకెట్ కనిపిస్తుంది. రెండోది 32 సెకన్ల వీడియో. జర్దోసీ ఎందుకు నల్లబడుతుందో అందులో ఆవిడే చెబుతుంది. ఒంటికి సెంటు కొట్టుకున్నాకే జాకెట్ వేసుకోవాలి, జాకెట్ మీద కొట్టకూడదు. ప్లాస్టిక్ కవర్లో దాచకూడదు, తేమ లోపలే ఉండిపోతుంది. పల్చటి నూలు గుడ్డలో చుట్టి, వర్క్ లోపలి వైపుకు వచ్చేలా మడవాలి.

ఇప్పుడు నడుస్తున్న పాట నాలుగో సెకను దగ్గర ఒక్కసారి దరువు మారే రకం అనుకుందాం. ఆ దరువు పడగానే ఏదో ఒకటి బయటపడాలి. చీర మారాలి, ఇల్లు మారాలి, మనిషి మారాలి. ఆ పాటను ఇప్పటికే పదుల సార్లు విన్న వ్యక్తికి అది అలవాటైపోయింది. మొదటి వీడియోకు ఈ పాట అతికినట్టు సరిపోతుంది, కళ్లు మూసుకుని వాడుకోవచ్చు. రెండో వీడియోలో మాత్రం దరువు పడుతుంది, తెర మీద ఏమీ మారదు. ఎదురుచూసినది రాలేదని చూసేవాళ్ల వేలు పైకి జరుగుతుంది. 32 సెకన్లలో ఎనిమిదో వంతు కూడా దాటకుండానే వెళ్లిపోతారు. సెంటు మాట, నూలు గుడ్డ మాట వాళ్ల చెవిన పడనే పడవు.

ఇది ఊహించి చెప్పేది కాదు, ఎవరి ఫోన్లో వాళ్లు చూసుకోవచ్చు. రీల్ ఇన్‌సైట్స్‌లో ప్రేక్షకులు ఏ సెకనులో ఎంతమంది మిగిలారో చూపించే గీత ఒకటి ఉంటుంది. అది మొదటి సెకనులోనే కూలితే తప్పు వీడియో ఎత్తుగడది: మొదటి దృశ్యం బాగాలేదు, లేదా మొదటి మాట ఆలస్యమైంది. కాసేపు నిలబడి సరిగ్గా దరువు పడిన చోట కూలితే మొదట అనుమానించాల్సింది పాటను. ఈ తేడా చూసుకోకుండా, వీడియో బాగా రాలేదని మళ్లీ షూట్ చేసేవాళ్లే ఎక్కువ. పాట తీసేసి, వీడియో అలాగే ఉంచితే సరిపోయేది.

చిన్న పేజీని ఎవరు చూస్తారు, ట్రెండ్ పట్టుకుంటేనే కదా నలుగురి కంట పడేది అంటారు. అందులో కొంత నిజం ఉంది. పాట పేరు నొక్కినవాళ్లకు ఆ పాటతో వచ్చిన రీల్స్ కనిపిస్తాయి, కొన్ని వ్యూస్ అలా వస్తాయి. మాట గట్టిగా ఉంచి, పాట శబ్దాన్ని వినీవినపడనంత తగ్గించి, పేరు మాత్రం కనిపించేలా పెట్టే చిట్కా కూడా చాలామందికి తెలుసు. దరువు సమస్య దానితో తీరుతుంది, ఒప్పుకుంటాను. కానీ వచ్చినవాళ్లు ఎవరన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

ఆ ప్రశ్నే అసలైనది. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సెరీ 2025 జనవరిలో బహిరంగంగానే చెప్పారు: రీల్‌ను ముందుకు తోసేవాటిలో ముఖ్యమైనవి ఎంతసేపు చూశారు, చూసినవాళ్లలో ఎంతమంది లైక్ చేశారు, ఎంతమంది వేరేవాళ్లకు పంపారు అన్నవి. మనల్ని ఫాలో కానివాళ్లకు చేరాలంటే లైకుల కన్నా పంపడమే ఎక్కువ పనిచేస్తుందని కూడా అన్నారు. జర్దోసీ వీడియో సరిగ్గా పంపుకునే రకం. పెళ్లి పట్టుచీర బీరువాలో ఉన్న ఏ అక్కయినా దాన్ని చెల్లెలికి, వదినకు పంపుతుంది. కానీ వీడియో చివరిదాకా విన్నవాళ్లే పంపుతారు. పాట కోసం వచ్చి నాలుగో సెకనులో వెళ్లిపోయినవాళ్లు ఎవరికి పంపుతారు? పైగా కొలతలు ఇవ్వడానికి, ఫిట్టింగ్ చూసుకోవడానికి దుకాణానికి రావాల్సిన వ్యాపారం ఇది. పాట ఎక్కడెక్కడి నుంచో జనాన్ని తెస్తుంది. వాళ్లలో వైట్‌ఫీల్డ్ నుంచి ఆటో ఎక్కి రాగలిగినవాళ్లు ఎంతమంది?

ట్యాగ్ సంగతి ఇంకా తేలిక. హ్యాష్‌ట్యాగ్‌ను ఫాలో అయ్యే వీలునే ఇన్‌స్టాగ్రామ్ 2024 డిసెంబరులో తీసేసింది. యూట్యూబ్ అయితే వీడియోకు సంబంధం లేని ట్యాగ్ పెడితే వీడియోనే తొలగించవచ్చని నిబంధనల్లో రాసింది. పొంతన లేని ఛాలెంజ్ ట్యాగ్‌తో వచ్చేది దాదాపు ఏమీ లేదు, పోయేది మాత్రం ఉండొచ్చు.

సినిమా పాటలతో ఇంకో చిక్కు ఉంది. బిజినెస్ ఖాతాలకు ఆ పాటల్లో చాలా భాగం అసలు కనిపించవు. అందుకని చాలామంది ఖాతాను క్రియేటర్‌గా మార్చుకుని పాట పెడతారు. ఖాతా రకం మారినంత మాత్రాన సరుకు అమ్ముకోవడానికి ఆ పాట వాడుకునే హక్కు రాదు. హక్కుదారు అభ్యంతరం చెబితే రీల్ మూగబోవచ్చు. గొంతు కలిపి పెట్టిన వీడియో అయితే చెప్పిన మాటలూ పోవచ్చు.

నాకు మరీ బాధ కలిగించేది ఆ మాటలు పోవడమే. బెంగళూరుకు అనంతపురం, చిత్తూరు, కర్నూలు నుంచి వచ్చినవాళ్ల తెలుగుకు ఒక సొంపు ఉంది. మధ్యలో రెండు కన్నడ మాటలు, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టుండే తీరు, ‘అట్లా మడిస్తే దారం తెగిపోతాది మా’ అని చెప్పే చనువు. పరాయి ఊళ్లో తెలుగు గొంతు వినబడితే తెలుగువాళ్లు ఆగుతారు. ఇది ఏ ట్రెండింగ్ పాటకూ లేని బలం. ఆ గొంతును చంపి, దాని మీద అందరి దగ్గరా ఉన్న పాటే వేసుకుంటే, ఆ దుకాణం పక్క దుకాణంలాగే అయిపోతుంది. ఏళ్ల తరబడి సూది పట్టి నేర్చుకున్న విషయాన్ని సొంత గొంతుతో చెప్పుకోవడానికి మనవాళ్లు ఎందుకు జంకుతారో నాకు అర్థం కాదు. యాస ఉందనా? ఆ యాసే వాళ్ల బోర్డు.

కాబట్టి పోస్ట్ చేసే ముందు ఆ వీడియోను ఒకసారి పాట లేకుండా, మాటతో మాత్రమే చూడండి. విషయం పూర్తిగా అందితే పాట అక్కర్లేదు. మాట లేని వీడియో అయి, ఏదో ఒకటి మారే క్షణం దరువుతో కలిస్తే పాట పెట్టండి. సొంత గొంతుతో పెట్టిన రీల్ కింద Original audio అని వస్తుంది, పబ్లిక్ ఖాతా అయితే వేరేవాళ్లు ఆ ఆడియోను వాడుకోవచ్చు కూడా. దాని పేరు మార్చుకునే వీలుంది కానీ ఒక్కసారే. అందుకే తొందరపడకుండా ‘జర్దోసీ నల్లబడకుండా’ లాంటి పేరు ఆలోచించి, అక్షరం తప్పు లేకుండా తెలుగులోనే టైప్ చేయండి.