రొయ్య రైతుది, రొక్కం కంపెనీది

రొయ్యల కంపెనీ వార్షిక నివేదిక తెరవగానే మూడో పేజీలోనో నాలుగో పేజీలోనో ఓ రైతు ఫొటో ఉంటుంది. వెనకాల చెరువు, అందులో తిరిగే ఏరేటర్లు, చేతిలో రొయ్యలు, ముఖం నిండా నవ్వు. కింద ‘మా భాగస్వామి’ అని రాసి ఉంటుంది. అదేదో మర్యాదకి అన్నమాట అనుకుని చాలామంది పేజీ తిప్పేస్తారు. కంపెనీని ఇంతగా అనుమానించడం తగదు. ఆయన ఎంత భాగస్వామో, ఎన్ని కోట్లకు భాగస్వామో కంపెనీ లెక్కకట్టి మరీ అచ్చు వేసింది. కాకపోతే ఓ నూటయాభై పేజీల అవతల, నగదు ప్రవాహ పట్టికలో వేసింది.

కాలువలో నీళ్లు కనిపిస్తే చాలని మురిసిపోయే అలవాటు గోదావరి జిల్లాల్లో లేదు. ధవళేశ్వరంలో వదిలినవా, ఎగువ రైతు వంతు నీళ్లు రాత్రికి రాత్రి గండికొట్టి మళ్లించినవా అని అడుగుతాం. ఈ పట్టిక కూడా సరిగ్గా అదే చెబుతుంది. డబ్బు మూడు దారుల్లో వస్తుంది: వ్యాపారం నుంచి, ఆస్తుల కొనుగోళ్లూ అమ్మకాల నుంచి, అప్పులూ వాటాల నుంచి. మొదటి దారిలో వచ్చిందైతే మంచి కంపెనీ అని పెద్దలు చెబుతారు. చిక్కంతా ఆ మొదటి దారిలోనే ఉంది.

భీమవరం చుట్టుపక్కల రొయ్యలు కొని, శుద్ధి చేసి, విదేశాలకు పంపే కంపెనీ ఒకటుందని ఊహించుకుందాం. పన్నుకు ముందు లాభం 60 కోట్లు. చైర్మన్‌గారు లేఖలో ‘సవాళ్ల నడుమ చారిత్రక ఫలితాలు’ అన్నారు. పట్టిక ఈ 60తోనే మొదలవుతుంది. లిస్టయిన కంపెనీలన్నీ లాభం దగ్గర బయలుదేరి నగదు దగ్గర తేలే ఈ పద్ధతినే పాటించాలని సెబీ నిబంధన. చేతినుంచి పోకుండానే ఖర్చుగా రాసిన తరుగుదల 18 కోట్లు కలిపారు. వడ్డీ 22 కోట్లూ కలిపారు, దాన్ని చివర్లో అప్పుల గదిలో తీసేస్తారు. ఆ వెంటనే ‘స్థలం అమ్మకంపై లాభం’ అంటూ 24 కోట్లు తీసేశారు. చారిత్రక ఫలితాల్లో నూటికి 40 వంతులు రొయ్యవి కావు, రోడ్డు పక్క స్థలానివి. స్థలం చరిత్ర కూడా చరిత్రే కాబట్టి చైర్మన్‌గారు అబద్ధమాడలేదు.

ఇప్పటికి 76 కోట్లు. ఇక్కడినుంచి నిదానంగా చదవాలి. కొనుగోలుదార్ల నుంచి రావలసిన బాకీలు 60 కోట్లు పెరిగాయి. అంటే సరుకు వెళ్లింది, డబ్బు రాలేదు, కాబట్టి తీసేశారు. శీతల గిడ్డంగిలో నిల్వలు 45 కోట్లు పెరిగాయి, అవీ తీసేశారు. మిగిలింది మైనస్ 29. ఇంత లాభాల కంపెనీకి వ్యాపారంలో చేతికి రూపాయి రాకపోగా ఎదురు పెట్టుబడి పడింది. సరిగ్గా అప్పుడే కింది వరసలో ఒక ప్లస్ గుర్తు ఆదుకుంది: ‘వాణిజ్య చెల్లింపు బకాయిల పెరుగుదల, 95 కోట్లు’. దాంతో 66 అయింది. పన్ను 14 కోట్లు కట్టాక, వ్యాపారం నుంచి వచ్చిన నికర నగదు 52 కోట్లని లావు అక్షరాల్లో వేశారు.

ఆ 95కి ప్లస్ ఎందుకంటే, కొన్న రొయ్య విలువను లాభం లెక్కలో ఖర్చుగా ముందే తీసేశారు గానీ డబ్బు ఇంకా ఇవ్వలేదు. ఇవ్వనిది చేతిలోనే ఉంది కాబట్టి తిరిగి కలపాలి. లెక్క నూటికి నూరుపాళ్లు సవ్యం, ఆడిటర్‌కి అభ్యంతరం ఉండదు. పట్టుబడి పట్టించి, కౌంట్ తేల్చి, లారీ ఎక్కించి, ‘వచ్చే వారం వేసేస్తామండి’ అన్న మాట తీసుకుని ఇంటికెళ్లిన రైతు తనకు తెలియకుండానే కంపెనీ నగదు ప్రవాహాన్ని మెరుగుపరిచాడు. బ్యాంకయితే వడ్డీ అడుగుతుంది, తాకట్టు అడుగుతుంది, మూడు నెలలకోసారి స్టాకు చూసిపోతుంది. ఈయన ఏజెంట్‌కి ఫోన్ చేసి ‘ఏవండీ, మన డబ్బులేమైనా…’ అని ఊరుకుంటాడు.

వ్యాపారం పెరిగితే బకాయిలూ పెరుగుతాయి కదా అని కంపెనీ తరఫున వాదించవచ్చు. న్యాయమే, చూద్దాం. నిరుడు కొనుగోళ్లు 450 కోట్లు, ఏడాది చివర బకాయి 60. బకాయిని కొనుగోళ్లతో భాగించి 365తో గుణిస్తే సుమారు 49 రోజులు. ఈ ఏడు కొనుగోళ్లు 490, బకాయి 155. అంటే 115 రోజులు. కొనుగోళ్లు నూటికి 9 పెరిగాయి, కాబట్టి బకాయి 5, 6 కోట్లు పెరగడం సహజం. మిగతా 89 కోట్లు వ్యాపారం పెరిగి రాలేదు, చెల్లింపు ఆగి వచ్చింది. 52లోంచి అది తీసేస్తే మైనస్ 37. అదే ఏడాది కంపెనీ 12 కోట్లు డివిడెండ్ పంచింది. ఎవరి డబ్బు ఎవరికి పంచిందని అడగడం సభామర్యాద కాదు.

ఈ 155 ఎంత పాతదో వాణిజ్య బకాయిల వయసు పట్టికలో చూడొచ్చని కొందరు ఆశగా వెళ్తారు. 2021 నుంచి అది తప్పనిసరి కూడా. కానీ గడువు దాటిన బకాయికి అందులో మొట్టమొదటి గడి ‘ఏడాది లోపు’. నాలుగు నెలలు నడిచిన రైతు బాకీ, నిన్న గడువు దాటిన అట్టపెట్టెల బాకీ పక్కన ఒకే గడిలో చక్కగా ఒదుగుతుంది. అందుకే రోజుల లెక్క మనమే వేసుకోవాలి, కనీసం మూడేళ్లది పక్కపక్కన పెట్టి.

మార్చి 31న ఆపి ఏప్రిల్ మొదటి వారంలో ఇచ్చేసే కంపెనీలూ ఉంటాయి. ఫొటో తీసేదాకా పొట్ట బిగబట్టినట్టు. వాటిని పట్టుకోవడం తేలిక. లిస్టయిన కంపెనీలు అర్ధసంవత్సర ఫలితాలతోనూ నగదు ప్రవాహ పట్టిక ఇవ్వాలి. సెప్టెంబరు పట్టికలో అదే వరస పెద్ద మైనస్‌గా తిరగబడితే, మార్చిలో కనిపించిన నగదు ఆర్నెల్ల అతిథి అన్నమాట. తిరగబడకుండా బకాయి ఇంకా పెరిగితే, కంపెనీకి ఇవ్వాలని లేదనుకోకూడదు, ఇవ్వడానికి లేదేమో చూడాలి.

ఈ చదువంతా అడుగున ఉన్న బ్యాంకు నిల్వ నిజమైతేనే. 2009 జనవరి 7న సత్యం అధినేత రాసిన లేఖలో, పద్దుల్లో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు లేనేలేవని ఒప్పుకున్నారు. లేని 376 కోట్ల వడ్డీ కూడా ‘రావలసిన’దిగా రాసి ఉంది. అందువల్ల లాభంలో చూపిన వడ్డీని కాదు, పట్టిక రెండో గదిలో ‘అందిన వడ్డీ’ని చూసి, దాన్ని ఏడాది సగటు నిల్వతో పోల్చాలి. బ్యాంకులో కోట్లు మూలుగుతున్నాయంటూ ఏటా కొత్త అప్పు తెచ్చే కంపెనీ ఎదురైతే ఆ పోలిక తప్పనిసరి.

మన ఊహా కంపెనీకి ఆ గొడవ లేదు, ఏడాది చివర నగదు 14 కోట్లే. నిరుటికంటే 3 కోట్లు ఎక్కువ. ఇక ఆ మూడో పేజీ ఫొటో అంటారా, పట్టుబడి రోజున తీసిందై ఉంటుంది. 115వ రోజున తీయడానికి ఎవరూ వెళ్లినట్టు లేదు.