కృతజ్ఞత తప్పనిసరి, గడువు సాయంత్రం ఆరు

హైదరాబాద్ హైటెక్ సిటీలోని మా ఆఫీసులో ఈ మధ్య ఒక కృతజ్ఞతా గోడ వెలిసింది. ఈ ఏడాది ఇంక్రిమెంట్లు వాయిదా అని మెయిల్ వచ్చిన వారానికే వెలిసిందని గిట్టనివాళ్లు గొణుగుతున్నారు. రెండింటికీ ఏ సంబంధమూ లేదని హెచ్‌ఆర్ వారు చెప్పాక ఇక అనుమానాలెందుకు? ప్రతి ఉద్యోగీ రోజూ ఐదు పసుపు చీటీల మీద ఐదు కృతజ్ఞతలు రాసి, కింద తన ఎంప్లాయీ నంబరు వేసి, సాయంత్రం ఆరులోగా అతికించాలి. మనస్ఫూర్తిగా చేసేదానికైనా లెక్క ఉండాలి కదా.

మొదటివారం గోడ నిండా అమ్మానాన్నలు, ఆరోగ్యం, పిల్లల చదువులు. రెండోవారానికి సరుకు తగ్గింది. ‘లిఫ్ట్ పనిచేసినందుకు’, ‘కాఫీ మెషీన్‌లో పాలపొడి ఉన్నందుకు’, ‘మేనేజర్ గారు సెలవులో ఉన్నందుకు’. ఆఖరిది ఎవరో పీకేశారు. బహుశా సెలవు ముగిసి ఉంటుంది.

ఈ గోడకు శాస్త్రం అండ ఉందండోయ్. 2003లో అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులను మూడు గుంపులు చేశారు. పది వారాలపాటు, వారానికోసారి, ఒక గుంపు తాము కృతజ్ఞులై ఉన్న విషయాలు ఐదు దాకా రాసింది. రెండోది తమను విసిగించిన విషయాలు రాసింది. మూడోది ఆ వారం జరిగిన ఏవో సంగతులు రాసింది. కృతజ్ఞతల గుంపు తమ బతుకు బాగుందంది, ఒంటినొప్పుల గురించి తక్కువ చెప్పింది, వ్యాయామం కూడా ఎక్కువ చేశామంది. అయితే తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది ఎక్కువగా విసుగుల గుంపుతో పోల్చినప్పుడే. పది వారాలు తన చికాకుల పద్దు తానే రాసుకున్నవాడి పక్కన నిలబెడితే ఎవడైనా కాస్త తెరిపిగానే కనిపిస్తాడు. మా కంపెనీకి ఇది పెద్ద సదుపాయం. విసుగుల గుంపును కొత్తగా తయారు చెయ్యక్కర్లేదు, నైట్ షిఫ్ట్ సపోర్ట్ టీమ్ సిద్ధంగా ఉంది.

తర్వాత ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వారు ఇలాంటి 27 అధ్యయనాలను ఒకచోట చేర్చి, 2020లో ఫలితం చెప్పారు. కుంగుబాటు, ఆందోళన తగ్గించడంలో కృతజ్ఞతా సాధన వల్ల లాభం స్వల్పమట. రోజువారీ పనుల గురించి రాయడం లాంటి ఏదో ఒక వ్యాపకం పెట్టుకున్నవారికంటే వీరు మరీ ఒరగబెట్టుకున్నది లేదు. ఈ పేజీ మా హెచ్‌ఆర్ ప్రజెంటేషన్‌లో లేదు. స్లయిడ్లు ఎక్కువయ్యాయేమో.

మోతాదు సంగతి మరీ చిత్రం. సోనియా ల్యూబోమిర్‌స్కీ బృందం చేసిన ప్రయోగంలో వారానికోసారి రాసినవారికి ఫలితం కనబడింది. వారానికి మూడుసార్లు రాసినవారికి కనబడలేదు. చెంచాడు ఉప్పుతో పప్పు రుచిస్తే గిద్దెడు వేస్తే ఇంకెంత రుచిస్తుందో అన్న పద్ధతిలో మా వాళ్లు రోజూ ఐదన్నారు.

అసలు చిక్కంతా ఆ ఐదో చీటీ దగ్గరుంది. 1991లో నార్బర్ట్ ష్వార్జ్ బృందం కొందరిని, మీరు మొహమాటపడకుండా మీ మాట గట్టిగా చెప్పిన సందర్భాలు ఆరు చెప్పమంది. మరికొందరిని పన్నెండు చెప్పమంది. పన్నెండు చెప్పినవారి దగ్గర రుజువులు ఎక్కువ, అయినా తాము అంత గట్టివాళ్లం కామనుకున్నది వాళ్లే. చివరి నాలుగైదు గుర్తు రావడానికి పడ్డ యాతననే వాళ్లు తమ మీద తీర్పుగా తీసుకున్నారు. అది కృతజ్ఞత మీద చేసిన ప్రయోగం కాదు, నిజమే. కానీ మా పక్క సీటాయన సాయంత్రం అయిదున్నరకు పెన్ను మూత తీస్తూ పెడుతూ, “ఏంటి గురూ, నా బతుక్కి ఐదు కూడా లేవా?” అన్నప్పుడు నాకు ష్వార్జ్ గారే గుర్తొచ్చారు. పొద్దున ఆ మనిషి హాయిగానే ఉన్నాడు.

మొన్న దసరాకి స్వీట్ బాక్సు ఇచ్చారు. నాలుగు మైసూర్‌పాకులు, రెండు బూందీ లడ్డూలు, పైన ఒక పసుపు చీటీ, ‘స్పందన గోడ మీద అతికించగలరు’ అని. 2006లో ఫిలిప్ వాట్కిన్స్ బృందం విద్యార్థులకు ఉపకారాల సన్నివేశాలు ఇచ్చి చదివించింది. ఇచ్చినవాడు ప్రతిఫలం ఆశిస్తున్నాడని తెలిసేకొద్దీ పుచ్చుకున్నవాడిలో కృతజ్ఞత తగ్గి, బాకీపడ్డ భావన పెరిగింది. లడ్డూ తింటుంటే ఈఎంఐ కడుతున్నట్టు ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

యాజమాన్యానికి ఒక సవినయ మనవి. ఆ గోడకు రెండోవైపు ఖాళీగా ఉంది. ఉద్యోగుల పట్ల తమ కృతజ్ఞతలను వారు అక్కడ రాసుకోవచ్చు. రోజూ అక్కర్లేదు, నెలకోసారి, ఒకటో తారీఖున, రూపాయల్లో రాస్తే చాలు. ఐదో అంకె దగ్గర కలం ఆగిపోతే మేమంతా దగ్గరుండి గుర్తుచేస్తాం.