ఎనిమిదో వంతు కంటే ముందు మెహర్ లెక్క

తండ్రి పోయి నలభై రోజులైంది. ఫాతెహాకు వచ్చిన చుట్టాలు ఇంకా ఇంట్లోనే ఉన్నారు. తమ్ముడు స్టాంపు కాగితం తెచ్చి, "ఆపా, ఇక్కడొక సంతకం పెట్టు, ఇల్లు మా పేరు మీదకు మార్చుకోవాలి" అంటాడు. తన వాటా ఎంతో తెలియకుండానే ఆమె పెట్టేస్తుంది.

ముస్లిం లాలో కొడుక్కి పుట్టుకతో వచ్చే హక్కేమీ లేదు. తండ్రి కన్నుమూసిన క్షణమే వారసులందరికీ ఎవరి వాటా వాళ్లకు వచ్చేస్తుంది. మన దగ్గర ఎక్కువమంది పాటించే సున్నీ హనఫీ పద్ధతిలో ఒక లెక్క చూద్దాం. చనిపోయినాయనకు భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. తల్లిదండ్రులు ముందే పోయారు. వీలునామా లేదు. ఉన్నదల్లా 44 లక్షల ఇల్లు.

ముందు ఖననం ఖర్చులు, అప్పులు తీర్చాలి. అవి 3 లక్షలు. పెళ్లప్పుడు భార్యకు ఇస్తానని భర్త నికానామాలో రాసి, ఇవ్వకుండా మిగిలిన మెహర్ సొమ్ము ఇంకో లక్ష. అది కూడా అప్పే. మిగిలిన 40 లక్షల్లో, పిల్లలున్నారు కాబట్టి భార్యకు ఎనిమిదో వంతు, అంటే 5 లక్షలు. పిల్లలు లేకపోతే నాలుగో వంతు వచ్చేది. మిగతా 35 లక్షలను కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు చొప్పున పంచితే ఒక్కో కొడుక్కి 10 లక్షలు, ఒక్కో కూతురికి 5 లక్షలు.

మెహర్‌తో కలిపి భార్యకు 6 లక్షలు రావాలి. మెహర్ మరిచిపోయి 41 లక్షలూ పంచేస్తే ఆమెకు వచ్చేది 5,12,500 మాత్రమే.

మరిచిపోవడం ఒక్కటే కాదు. శవం ఇంట్లో ఉండగానే "మెహర్ మాఫ్ చేశానని అనమ్మా" అని పెద్దలు అడుగుతారు. ఆ స్థితిలో ఎవరు కాదనగలరు? అది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. దుఃఖంలో అనిపించిన అలాంటి మాఫీ చెల్లదని కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి. అయితే మెహర్ కోసం దావా భర్త పోయిన మూడేళ్లలోపే వేయాలి. బలవంతం, మోసం లేకుండా ఇల్లు ఆమె స్వాధీనంలో ఉంటే మాత్రం, మెహర్ ఇచ్చేదాకా దాన్ని వదలనక్కర్లేదు.

కూతుళ్ల దగ్గర వినిపించే మాట వేరు: "నీ పెళ్లికి అంత పెట్టాం కదా!" పెళ్లికి పెట్టింది వాటాలోంచి తీసేయాలని ఈ చట్టంలో ఎక్కడా లేదు. ఇల్లంతా కొడుకులకే అని తండ్రి వీలునామా రాసినా, ఆయన పోయాక మిగతా వారసులు ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది. సగం వాటా సరైనదా కాదా అన్న చర్చ జరగాల్సిందే. కానీ ఆ సగం కూడా చేతికి రావడం లేదన్నదే నా బాధ.

కూతురు ఇష్టంగా వదులుకోవచ్చు, అది ఆమె హక్కు. అయితే ఆ కాగితం మీద 5 లక్షల అంకె రాసి ఉండాలి, ఆమె చదివి ఉండాలి. సంతకాలు లేకుండా కొడుకులిద్దరూ కలిసి ఇల్లంతా అమ్మేసినా, కొన్నవాడికి దక్కేది వాళ్ల సగమే. మిగతా సగం తల్లిది, ముగ్గురు ఆడపిల్లలది.